సవరణ: ‘రెండే దారులు’ అన్న ప్రతి మాటా తప్పు కాదు

ఇంకా దారులుండగా రెండే ఉన్నట్టు చెప్పడాన్ని తప్పుడు ద్వంద్వం అంటారు. దాని మీద నేను రాసిన పాత టపా చదివి, “‘బెంగళూరులో సొరంగ రోడ్డు కడతారు, లేదా కట్టరు’ అన్న వాక్యాన్ని కూడా మీరు తప్పుడు ద్వంద్వం అన్నారు. మూడోది ఏముంటుంది?” అని ఒక పాఠకురాలు అడిగారు.

ఏమీ ఉండదు, పొరపాటు నాదే. ఒకదాన్ని కాదంటే రెండోది తప్పక నిజమయ్యే జంటలో మూడోదానికి చోటు లేదు. నేను ఉదాహరణగా ఇవ్వాల్సిన వాక్యం ఇది: “సొరంగం కట్టాలి, లేదంటే ట్రాఫిక్‌లో మగ్గాలి.” ఇక్కడ సొరంగం లేకున్నా మగ్గడం తప్పనిసరి కాదు.

వ్యాసంలో అది తప్పుడు ద్వంద్వమని చూపాలంటే “ఇంకా మార్గాలున్నాయి” అంటే చాలదు. వాటిలో ఒకదాన్ని పేరుపెట్టి చెప్పాలి. 2019లో అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్‌బోర్డు వైపు బస్సులకు ప్రత్యేక వరుస పెట్టారు. అది అదే నగరంలో, రద్దీని తగ్గించడానికే చేసిన ప్రయత్నం కాబట్టి మూడో దారి ఉందనడానికి సాక్ష్యం. అది సొరంగం కంటే మేలని మాత్రం దీనితో రుజువు కాదు, దానికి వేరే వాదన కావాలి. పాత టపాలో ఈ రెంటినీ కూడా కలిపేశాను.

ఇంకొకటి: సొరంగం, బస్సు వరుస రెండూ ఉండొచ్చు. “లేదా” అన్న మాట ఆ సంగతినీ దాచేస్తుంది.