సవరణ: నిర్వానా అన్‌ప్లగ్డ్ కచేరీలో ఆంప్లిఫయర్

“1993 అన్‌ప్లగ్డ్ కచేరీలో నిర్వానా ఆంప్లిఫయర్ వాడనే లేదు.”

వాడారు. నవంబర్ 18న న్యూయార్క్‌లో ఎంటీవీ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమం కోసం రికార్డయిన ఆ కచేరీలో ఈ అమెరికన్ రాక్ బృందం గాయకుడు కర్ట్ కోబేన్ తన అకూస్టిక్ గిటార్‌ను ఎఫెక్ట్ పెడళ్ల ద్వారా ఆంప్లిఫయర్‌కు కలిపారు. అక్కడ వారు పాడిన డేవిడ్ బోవీ పాటలో గిటార్ నాదం గరగరలాడేది అందుకే. ఇక హంగులు లేకుండా పాట కట్టుబడిని పరిశీలించదలచినవారికి, అదే కచేరీలో కోబేన్ ఒక్కడే గిటార్‌తో పాడిన ‘పెన్నీరాయల్ టీ’ మేలైన ఉదాహరణ అని నా అభిప్రాయం. స్టూడియో రికార్డింగులో పల్లవి రాగానే డ్రమ్ములు, డిస్టార్షన్ విరుచుకుపడి మలుపును చాటుతాయి. ఇక్కడ అవేవీ లేకపోయినా, రెండే గిటార్ కార్డుల మధ్య తిరుగుతున్న చరణం నుంచి పల్లవి కొత్త కార్డులకు మారడం, దానితోపాటే గొంతు పైకి లేవడం ఆ మలుపును స్పష్టంగా వినిపిస్తాయి. బాస్ లేనందున చరణం కొంత పలచబడిన మాట మాత్రం నిజం.