సీసీ కెమెరా డిస్కౌంట్ మొత్తం ప్రీమియం మీద కాదు, దొంగతనం కవర్ మీదే

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు అపార్ట్‌మెంట్లు లేచిన చోటల్లా ఒకటే మాట వినిపిస్తోంది: "గేటెడ్ కమ్యూనిటీ, సీసీ కెమెరాలు ఉన్నాయి కదా సార్, ఇంటి ఇన్సూరెన్స్‌లో పదిహేను శాతం తగ్గుతుంది." తగ్గడం అబద్ధం కాదు. దేని మీద తగ్గుతుందో, దానికి బదులుగా మనం దేనికి సంతకం పెడుతున్నామో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఇళ్లకు అమ్ముతున్న ప్రామాణిక పాలసీ భారత్ గృహ రక్ష. అగ్నిప్రమాదం, తుఫాను, వరద, భూకంపం లాంటివాటికి అది పనికొస్తుంది. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు చూసిన మన వైపు అది ఉండి తీరాలి. దొంగతనం మాత్రం అందులో చాలా కొద్దిగానే ఉంది: అలాంటి ప్రమాదం జరిగి, దాని వల్ల ఏడు రోజుల్లోపు సామాను పోతే ఇస్తారు. మామూలు రోజున తాళం పగలగొట్టి బీరువా దోచుకుపోతే ఇవ్వరు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. అలారానికి, కెమెరాలకు, 24 గంటల వాచ్‌మన్‌కు ఇచ్చే తగ్గింపు మామూలుగా ఆ కవర్ ప్రీమియం మీదే. కెమెరా తుఫానును ఆపదు కదా.

లెక్క కోసం ఒక ఫ్లాట్ తీసుకుందాం. ప్రీమియం మొత్తం 3,000 రూపాయలు, అందులో బర్గ్లరీ భాగం 800 అనుకోండి. పదిహేను శాతం అంటే 450 మిగులుతుందని ఆశపడతాం. నిజంగా తగ్గేది 120. ఈ డబ్బు కోసం కెమెరాలు పెట్టించుకోవడం దండగ. ఇంటి భద్రత కోసం ఇప్పటికే పెట్టించి ఉంటే చెప్పి తీసుకోండి, తప్పులేదు. శాతం ఇంత అని ఏ చట్టమూ చెప్పలేదు, కంపెనీని బట్టి మారుతుంది. అందుకే కొటేషన్‌లో బర్గ్లరీ ప్రీమియం, తగ్గింపు వేర్వేరు వరుసల్లో చూపించమని అడగండి.

అసలు ప్రమాదం పాలసీ కోసం మనం కంపెనీకి ఇచ్చే ప్రపోజల్ ఫారంలో ఉంది. ఏజెంటే ఇంగ్లీషులో నింపేసి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటాడు. "24 గంటల కాపలా" అన్నచోట అవును అని టిక్ ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో పగలు ఒక్క వాచ్‌మన్, రాత్రి గేటుకు తాళం మాత్రమే ఉంటే ఆ టిక్ అబద్ధం. నాలుగు లక్షల క్లెయిమ్ వేసిన రోజు సర్వేయర్ అదే కాగితం తీస్తాడు. కొన్ని పాలసీల్లో అలారం, కెమెరాలు ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలని షరతు కూడా రాసి ఉంటుంది. 120 రూపాయల కోసం నాలుగు లక్షలను ఇరకాటంలో పెట్టుకోకండి. గేటు, కెమెరాలు అసోసియేషన్‌వైతే ఎన్ని కెమెరాలు, ఎక్కడెక్కడ, కాపలా ఎన్ని గంటలు అన్నది సెక్రటరీ దగ్గర లెటర్‌హెడ్ మీద రాయించుకుని ప్రపోజల్‌తో జతచేయండి.

ఇక కెమెరాలు తీసింది రికార్డు చేసే పెట్టె, డీవీఆర్. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ. 1 టీబీ హార్డ్‌డిస్క్ పదకొండు రోజుల్లో నిండిపోయి పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి, అటునుంచటే పిల్లల దగ్గరికి వెళ్లి ఇరవై రోజులకు తిరిగొస్తే, మొదటి వారంలో జరిగిన దొంగతనం అందులో దొరకదు. వీడియోను ఎక్కువగా కుదించే H.265 పద్ధతికి మార్చి, బిట్‌రేట్ సగానికి తగ్గిస్తే రోజులు రెట్టింపవుతాయి. లేదంటే 2 టీబీ వేయించండి. కరెంటు పోతే డీవీఆర్ ఆగకుండా దానికీ రౌటర్‌కీ యూపీఎస్ ఉండాలి. లోపలి బటన్ సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చాక తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఆ ఫుటేజీతో ఎప్పుడు జరిగిందో తేల్చడం కష్టం. నెలకోసారి స్క్రీన్ మీద తేదీ, టైము చూసి, వారం కిందటి క్లిప్ ఒకటి ప్లే చేసి చూడండి. ఆడకపోతే రికార్డింగ్ లేనట్టే.

కెమెరా చెడిపోతే, వాచ్‌మన్‌ను తీసేస్తే కంపెనీకి మెయిల్ పెట్టండి. తగ్గింపు పోతే పోనివ్వండి.

ఇంకో రెండు సంగతులు పాలసీలో వెతకాలి. బర్గ్లరీ అంటే సాధారణంగా బలవంతంగా చొరబడడం, తాళమో గ్రిల్లో విరిగిన గుర్తు ఉండాలి. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి ఎత్తుకెళ్తే, అలాంటి దొంగతనాన్నీ కవర్‌లో కలిపే తెఫ్ట్ ఎక్స్‌టెన్షన్ ఉంటేనే డబ్బు వస్తుంది. రెండోది, ఇల్లు వరుసగా ఇన్ని రోజులు ఖాళీగా ఉంటే కవర్ ఆగిపోతుందన్న షరతు, చాలాచోట్ల 30 రోజులు. ఎన్ని కెమెరాలున్నా ఈ షరతు మారదు. నెల దాటి ఊరెళ్లేవాళ్లు బయల్దేరే ముందే కంపెనీకి రాసి, ఖాళీగా ఉన్నా కవర్ కొనసాగుతుందని వాళ్లనుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఏజెంట్ ఫోన్లో "ఏం కాదు సార్" అనడం జవాబు కాదు.