22 క్యారెట్ల ధర వేస్తే అలర్ట్ రాదు

“బంగారం, వెండి నిష్పత్తి 90 దాటితే మెయిల్ రావాలని షీట్‌లో పెట్టాను. దాటిందట, నాకు రాలేదు. ఎందుకండీ?”

22 క్యారెట్ల ధర వేసి ఉంటారండి. నేనూ విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపు బోర్డు మీది ధర ఎక్కించి ఇలాగే పొరబడ్డాను. పది గ్రాముల 24 క్యారెట్ల బంగారం 96,000, కిలో వెండి లక్ష అనుకోండి, గ్రాము ధరల లెక్కన నిష్పత్తి 96. అదే 22 క్యారెట్లది 88,000 వేస్తే 88 చూపిస్తుంది. ఇక అలర్ట్ ఎక్కడిది!

```
=(B2/10)/(C2/1000)
```

B2లో పది గ్రాముల 24 క్యారెట్ల ధరే, C2లో కిలో వెండి ధర ఉండాలి. రోజూ సాయంత్రం నడిచే స్క్రిప్ట్‌లో, నిన్న 90 లోపు ఉండి ఇవాళ దాటితేనే మెయిల్ వెళ్లేలా రాయండి, లేదంటే దిగేదాకా రోజూ వస్తూనే ఉంటుంది. అంతర్జాతీయ మార్కెట్లో 2020 మార్చిలో 120 దాటిన ఈ నిష్పత్తి, 2011 ఏప్రిల్‌లో 32 దగ్గరికి పడింది. కాబట్టి కింది వైపు కూడా ఒక హద్దు పెట్టుకోండి.