నల్లద్దాల వెనక కళ్లను పుట్టించకండి, వెతికి తెండి

పెద్దకర్మ ఫ్లెక్సీకి, గోడ మీద పటానికి ఇంట్లోవాళ్లు ఫోటో తెస్తారు. ముఖం బాగున్న ఒక్క ఫోటోలోనూ పెద్దాయన నల్లద్దాలతో ఉంటాడు. శుక్లాల ఆపరేషన్ తర్వాత పెట్టుకున్నవో, పెళ్లిలో మనవడు సరదాగా పెట్టినవో. "అద్దాలు తీసేసి కళ్లు పెట్టండి" అంటారు. ఏఐ టూల్‌లో అద్దాల మీద గీత గీసి బటన్ నొక్కితే ఇప్పుడు అర నిమిషంలో కళ్లు వచ్చేస్తున్నాయి. నిగనిగలాడుతూ, ముడత లేకుండా, ఎంతో అందంగా వస్తున్నాయి. కానీ అవి ఆయన కళ్లు కావు. అలా పుట్టించిన కళ్లతో పటం కట్టి ఇవ్వడం తప్పు. డబ్బు తీసుకుని ఇస్తే ఇంకా పెద్ద తప్పు.

"అద్దాల కింద ఉన్నదాన్నే బయటికి తీస్తుంది కదా" అని చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎందుకు నిలవదో చూడండి. మామూలు కూలింగ్ గ్లాసులు తమ మీద పడ్డ వెలుతురులో సుమారు 8 నుంచి 18 శాతమే లోపలికి పోనిస్తాయి. 15 శాతం అనుకుందాం. కంటి మీద పడ్డ ఆ వెలుతురు కెమెరాను చేరాలంటే మళ్లీ అదే అద్దం దాటాలి. 15 శాతంలో 15 శాతమంటే రెండు శాతం చిల్లర. పక్కల నుంచి, పైనుంచి దూరే వెలుగు కొంత కలుస్తుంది, అయినా చిక్కు తీరదు. పైగా మామూలు అద్దం ముందువైపు ఉపరితలం తన మీద పడ్డ వెలుతురులో నాలుగు శాతం దాకా తిప్పికొడుతుంది. ఆరుబయట తీసిన ఫోటోలో, అద్దం మీద మెరిసే ఆకాశం ముందు లోపలి కన్ను ఓడిపోతుంది. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి నలిగిన ఫైల్లో ఆ కాస్తా మిగలదు.

అద్దం రంగు పలచగా ఉంటే మాత్రం ముందు ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెల్స్ విడివిడిగా చూడాలి. గోధుమరంగు అద్దం ఎరుపును ఎక్కువ పోనిస్తుంది కాబట్టి రెడ్ చానెల్లో రెప్ప గీత, నల్లగుడ్డు అంచు కనిపించవచ్చు. అలా దొరికినది పిసరంతైనా బంగారమే. వేరే ఫోటోలోంచి తెచ్చిపెట్టే కన్ను ఏ వరుసలో కూర్చోవాలో అదే చెబుతుంది.

ఇంట్లోవాళ్ల తొందర నిజమే. కర్మ రోజులోపు ఫ్లెక్సీ కట్టాలి, పాత ఆల్బమ్ వెతికే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ ఉండదు. "ఎవరు పట్టి చూస్తారు" అన్న మాటా వింటాం. ఆయన భార్య చూస్తుంది. ముక్కూ నోరూ ఆయనవే అయి కళ్లు మాత్రం వేరేవాళ్లవైతే ఆమెకే ముందు తెలుస్తుంది. వేరే ఫోటో ఒక్కటీ లేకపోతే అద్దాలు అలాగే ఉంచి, వాటి మీది మెరుపులు తగ్గించి ఇవ్వడమే సరైన పని.

నిజానికి వేరే ఫోటో దొరక్కపోవడం అరుదు. పెన్షన్ పుస్తకం, భూమి పాస్‌పుస్తకం, పెళ్లి గుంపు ఫోటో, ఏదో ఒకటి ఉంటుంది. ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది తల తిరిగిన కోణం, తర్వాత వయసు, ఆ తర్వాతే స్పష్టత. మసక ఫోటోకి పదును పెట్టవచ్చు, పక్కకు తిరిగిన కన్నును ముందుకు తిప్పలేం. దగ్గరనుంచి తీసిన సెల్ఫీ పనికిరాదు. అందులో ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి, కళ్ల మధ్య దూరం మిగతా ముఖంతో కుదరదు.

అసలు ఫోటోలో చెవి నుంచి చెవికి 300 పిక్సెల్స్, తెచ్చిన ఫోటోలో 240 ఉన్నాయనుకోండి. తెచ్చినదాన్ని 125 శాతానికి పెంచాలి. లేయర్‌ను సగం పారదర్శకంగా ఉంచి ముక్కుపుటాలు, చెవుల పైఅంచులు కలిసేలా తిప్పాలి. అడ్డంగా ఒక్కవైపే సాగదీయకూడదు. సరిపోయిందో లేదో తెలియాలంటే నల్లగుడ్డును కొలవండి. పెద్దవాళ్లలో దాని అడ్డం సుమారు 12 మిల్లీమీటర్లు, రెండు కంటిపాపల మధ్య సగటున 63. అంటే పాపల మధ్య 130 పిక్సెల్స్ వస్తే నల్లగుడ్డు 25కు అటూఇటూ ఉండాలి. 30 వచ్చిందంటే ఎక్కడో సైజు తప్పింది.

గుడ్లు మాత్రమే కత్తిరించి అతికించడం దగ్గరే చాలా పనులు చెడుతున్నాయి. కనుబొమ్మ నుంచి కంటి కింది సంచి మడత దాకా ఒకే ముక్కగా తేవాలి. అతుకు కనుబొమ్మ వెంట్రుకల్లో, ముక్కు పక్క పల్లంలో, సంచి కింది గీతలో దాక్కోవాలి. కంటి కింద చర్మం పలచన, అక్కడ బుగ్గ మీది రంధ్రాలు క్లోన్ చేస్తే గరుకుగా పైకి తేలుతుంది. నుదుటి చర్మం తెస్తే అడ్డగీతలూ వెంట వస్తాయి.

పై రెప్ప నల్లగుడ్డు పైభాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పాలి. గుండ్రం మొత్తం కనిపిస్తే మనిషి ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు. తెల్లగుడ్డును పంచె తెలుపు చేయకండి, రెప్ప నీడలో అది ఎప్పుడూ మసకే. వయసు మీద పడ్డ చాలామందిలో నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం ఉంటుంది. మచ్చ అనుకుని దాన్ని తుడిచేస్తే ఆయన వయసునే తుడిచినట్టు. కంట్లో మెరుపు ఎక్కడ పెట్టాలో ఆ నల్లద్దమే చెబుతుంది. దాని మీద ఆకాశమో కిటికీయో ఏ వైపు మెరిసిందో, కంటిలోనూ ఆ వైపే, రెండు కళ్లలోనూ ఒకే చోట మెరవాలి. ఒక కన్నునే తిప్పి రెండోదిగా పెట్టినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు, మెరుపులు ఎదురెదురుగా ఉంటాయి. చివర్లో బుగ్గ మీద ఫ్రేమ్ నీడ మిగిలిందేమో చూసి, 100 శాతం సైజులో అసలు ఫోటోలోని సన్నని చుక్కల గరుకుతో, అంటే గ్రెయిన్‌తో, కలిపి, ఫోటోను అద్దంలో బొమ్మలా తిప్పి ఒకసారి చూస్తే వంకర బయటపడుతుంది.

సోడాబుడ్డి కళ్లద్దాల సంగతి వేరు. అక్కడ కన్ను కనిపిస్తూనే ఉంటుంది, కానీ సైజు అబద్ధం. మైనస్ ఆరు పవర్ అద్దం వెనక కన్ను సుమారు ఎనిమిది శాతం చిన్నగా కనిపిస్తుంది. కంట్లో లెన్స్ పెట్టకముందు రోజుల్లో శుక్లాలు తీసినవారికి ఇచ్చిన ప్లస్ పది అద్దాల వెనక దాదాపు 18 శాతం పెద్దగా కనిపిస్తుంది. ఫ్రేమ్ చెరిపేసి కన్ను అలాగే వదిలేస్తే ముఖం పోలిక మారిపోతుంది. ముందు కన్ను సైజు సరిచేయాలి. తర్వాత కణత గీత చూడాలి. మైనస్ అద్దంలో అది లోపలికి జరిగి ఉంటుంది, ఫ్రేమ్ పైనా కిందా ఉన్న గీతతో కలిసేదాకా ఫోటోషాప్‌లోని లిక్విఫైతో బయటికి నెట్టాలి. అద్దం లోపలి గీతను నమ్మితే కణత దగ్గర ముఖం కొరికినట్టు మిగులుతుంది.

ఇంత పనితనమూ పటం వరకే. ఇదే చేయి గుర్తింపు ఫోటోల మీద పడితే ఒప్పుకోకూడదు. అమెరికా వీసా ఫోటోలో కళ్లజోడు 2016 నవంబరు 1 నుంచి నిషేధం. కంప్యూటర్లో మార్చిన ఫోటోనూ వాళ్లు ఒప్పుకోరు. అయినా కళ్లజోడుతో తీసి తర్వాత చెరిపేద్దామనుకునే తొందర మన దగ్గర ఉంది. తీసేముందే కళ్లజోడు పక్కన పెట్టించి, ముక్కు మీద నొక్కులు తగ్గేదాకా కాసేపు కూర్చోబెడితే చెరపాల్సిన పనే ఉండదు. ఇక పటం విషయానికొస్తే, అద్దాలున్న అసలు ఫైలును మార్చకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటివాళ్లకు ఇవ్వండి. పటం వెనక "కళ్లు ఫలానా ఏడాది ఫోటోలోవి" అని పెన్నుతో రాయండి.