క్లయింట్లు అయిదుగురు, ఆదాయం ఒకే చెరువుదైతే?

హైదరాబాద్‌లో నెలకు 40 వేల జీతం మీద ఇళ్ల డ్రాయింగులు గీస్తున్న సివిల్ ఇంజినీరు, అదే పనిని భీమవరంలో సొంతంగా చేసుకోవచ్చు కదా అని ఆలోచించడం సహజం. ఇంటి అద్దె ఉండదు, తల్లిదండ్రుల దగ్గర ఉండవచ్చు, చుట్టూ కొత్త ఇళ్లు లేస్తూనే ఉంటాయి. ఈ ఆలోచనను నేను తప్పుపట్టను. అయితే 40 వేల జీతాన్ని 40 వేల ఫీజుతో పోల్చి నిర్ణయం తీసుకుంటే మాత్రం నష్టపోతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. మూల వేతనం 20 వేలు అనుకుంటే, దాని మీద 12 శాతం చొప్పున యజమాని కట్టే పీఎఫ్ వాటా 2,400. సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితే వచ్చే గ్రాట్యుటీని నెలలకు పంచితే 960 దాకా తేలుతుంది. కుటుంబానికి ఆరోగ్య బీమా సొంతంగా కొనడానికి నెలకు 1,500 వేసుకుందాం. ఇవన్నీ కలిపితే సుమారు 5 వేలు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, కంప్యూటర్, ఇన్వర్టర్, సైటుకు తిరిగే పెట్రోలు మరో 5 వేలు. మొత్తం 50 వేలు అయింది. హైదరాబాద్ అద్దె 10 వేలు మిగులుతుంది కనుక మళ్లీ 40 వేలకే వచ్చాం. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు నెలల దగ్గర మొదలవుతుంది. మన దగ్గర ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్య మాసాలు. శంకుస్థాపనలు ఉండవు, ప్లాను కోసం వచ్చేవాళ్లూ తగ్గుతారు. మూఢం వచ్చిన ఏడాది ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఏడాదికి కావలసిన 4,80,000ను తొమ్మిది నెలల్లోనే సంపాదించాలంటే నెలకు 53 వేలు దాటాలి. ఒక ఇంటి ప్లానుకు, స్ట్రక్చరల్ డ్రాయింగులకు కలిపి 15 వేలు వస్తుందనుకుంటే, ఆ తొమ్మిది నెలల్లో నెలకు దాదాపు నాలుగు ఇళ్లు పూర్తి చేసి, డబ్బు కూడా చేతికి తెచ్చుకోవాలి.

ఆ నాలుగు ఇళ్లు ఎవరివి అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఒకరు చెరువు రైతు, ఒకరు మేత డీలరు, ఒకరు ఐస్ ఫ్యాక్టరీ యజమాని, ఇంకొకరు వీళ్లకు ఫ్లాట్లు అమ్ముకునే బిల్డరు. పేర్లు వేరైనా అందరి డబ్బూ రొయ్య నుంచే వస్తుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన ఎగుమతులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. అలాంటప్పుడు రైతు పై అంతస్తు వాయిదా వేస్తాడు, డీలరు అరువులు వసూలు కాక చేతులెత్తేస్తాడు, బిల్డరు కొత్త సైటు మొదలుపెట్టడు. ఉద్యోగికి యజమాని ఒక్కడే అని మనం భయపడతాం. ఇక్కడి ఫ్రీలాన్సరుకూ, తెలియకుండానే, ఒక్క యజమానే ఉన్నట్టు.

అందుకే క్లయింట్ల సంఖ్య కంటే వాళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడమంటాను. ఆదాయంలో కనీసం మూడో వంతు డెల్టా బయటి నుంచి రావాలి. దానికి దగ్గరి దారి ఇప్పుడు పనిచేస్తున్న సంస్థే. రాజీనామా ఇచ్చేటప్పుడే, డ్రాయింగుకు ఇంత అని బయటి నుంచి పని ఇస్తారేమో అడగాలి. మీ చేతి పని తెలిసినవాళ్లు కనుక కొత్తగా నమ్మకం సంపాదించుకోవలసిన అవసరం ఉండదు. హైదరాబాద్, విశాఖ ఆర్కిటెక్టులను ఆ తర్వాత వెతుక్కోవచ్చు. ఉద్యోగంలో ఉండగానే బయటి పని ఒప్పుకునే ముందు నియామక పత్రం చదవండి, చాలా సంస్థలు దాన్ని నిషేధిస్తాయి.

వసూళ్లలో కూడా క్లయింటును బట్టి తేడా ఉంటుంది. ఉద్యం పోర్టల్‌లో నమోదు చేసుకుని సంస్థలకు పని చేస్తే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ అడగవచ్చు. సొంత ఇల్లు కట్టుకునే రైతు దగ్గర ఇది అక్కరకు రాదు. అక్కడ అడ్వాన్సు తీసుకోవడం, మిగతా ఫీజు ముట్టేదాకా చివరి డ్రాయింగులు ఇవ్వకపోవడమే రక్షణ. మొహమాటపడితే స్లాబు పడ్డాక కూడా తిరుగుతూనే ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం ఉద్యోగం వైపే మొగ్గుతాను. తల్లిదండ్రులకు షుగరో, గుండె జబ్బో ఉండి, వాళ్లు సంస్థ గ్రూపు బీమాలో ఉంటే తొందరపడవద్దు. కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా కవరేజీ ఉండకపోవచ్చు. గ్రూపు నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా, ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారా అన్నది రాజీనామా పత్రం ఇవ్వడానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బీమా కంపెనీ కాదంటే, వాళ్ల పేరున పాలసీ ఇప్పుడే తీసుకుని, వేచి ఉండాల్సిన కాలంలో కొంతైనా ఉద్యోగంలో ఉండగానే గడిచేలా చూసుకోవాలి.