పొదుగుకు వేసిన మందు పాల క్యానులో దిగితే

చిత్తూరు జిల్లాలో వానలు ముఖం చాటేసిన ఏడాది ఎన్నో ఇళ్లను నడిపేది పాల బిల్లే. పలమనేరు, కుప్పం వైపు సంకర జాతి ఆవుకు పొదుగువాపు వచ్చి, ఒక చన్ను గట్టిపడి, పాలలో తునకలు కనిపిస్తే రైతు గుండె జారిపోవడం సహజం. పశువైద్యుడి కోసం ఎదురుచూడకుండా మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని, ఊళ్లో సూది వేసే వ్యక్తితో వేయించడమూ అంతే సహజమైపోయింది. ఆ మందు చాలావరకు వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం చెబుతున్నా అడిగేవారు తక్కువ.

చికిత్స జరిగిన రోజుల్లో రైతు సాధారణంగా చెడిన చన్ను పాలు మాత్రం పారబోసి, మిగిలిన మూడు చన్నుల పాలు కేంద్రానికి పోస్తాడు. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. కండకో నరానికో వేసిన మందు రక్తంతో పాటు నాలుగు చన్నులకూ చేరుతుంది. చన్నులోకి నేరుగా ఎక్కించిన ట్యూబు మందులోనూ కొంత రక్తంలో కలుస్తుంది. కాబట్టి నాలుగు చన్నుల పాలనూ పక్కన పెట్టాల్సిందే. ఎన్నాళ్లు అన్నది మందు పెట్టెమీద ఉంటుంది. అది ఇంగ్లిషులో, కళ్లు చికిలించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉండటం వేరే సంగతి. అక్కడ నిర్ధారిత గడువు లేకపోతే, 2012లో సవరించిన ఔషధ నిబంధనల ప్రకారం చివరి మోతాదు తర్వాత పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. గొర్రెను, మేకను సంతకు తోలే ముందు ఈ 28 రోజుల లెక్క గుర్తుంచుకునేవారు ఎందరో మరి.

ఒక ఆవు పాలు అంత పెద్ద క్యానులో ఏపాటి అనుకోవడానికి లేదు. పాలలో పెన్సిలిన్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మిల్లీగ్రాము మందు దాదాపు 250 లీటర్ల పాలను ఆ హద్దు దాకా తీసుకెళ్లగలదు. కాచినంత మాత్రాన ఈ అవశేషాలు పోవు. పెన్సిలిన్ పడనివారికి వాటితో దద్దుర్లు రావచ్చు; పాలల్లో మందు మోతాదు ఎక్కువైతే తోడుపెట్టిన పాలు పేరుకోకపోవచ్చు. అయితే పెరుగు తోడుకుంది కాబట్టి మందు లేదని తేల్చుకోకూడదు, తక్కువ మోతాదు తోడును ఆపలేకపోవచ్చు.

పారబోయాల్సిన పాలు దూడకు పట్టించడం మరో అలవాటు. పాలు వృథా కాలేదన్న తృప్తి మిగులుతుంది గానీ, దూడ పేగుల్లోని సూక్ష్మజీవులకు కొద్దికొద్దిగా మందు అలవాటై, దానికి లొంగని రకాలే మిగిలి పెరుగుతాయి. పేడతో అవి దొడ్డికీ పొలానికీ చేరతాయి. వాపు తగ్గగానే రెండో రోజుకే సూది మాన్పించడమూ, ఏ సూక్ష్మజీవో తెలియకుండా బలమైన మందుతో మొదలుపెట్టడమూ ఇలాంటి ముప్పునే పెంచుతాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను ఆహారానికి వాడే జంతువుల్లో 2019లో కేంద్రం నిషేధించడానికి కారణం ఈ భయమే.

రైతును దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడాన్ని మేము అంగీకరించం. రోజుకు 10 లీటర్లిచ్చే ఆవుకు మూడు రోజుల చికిత్స, ఆపై ఏడు రోజుల గడువు అనుకుందాం. అది 100 లీటర్లు. లీటరు 35 రూపాయల లెక్కన 3,500 రూపాయలు, మందుల ఖర్చు కాక. ఈ నష్టమంతా ఒక్క ఇంటిమీదే పడేస్తే ఏ రైతు నోరు విప్పి నిజం చెబుతాడు? చికిత్సను ముందే తెలియజేసిన రైతుకు ఆ పాల ధరలో కొంతైనా డెయిరీలు చెల్లించాలి; దాచినట్టు పరీక్షలో తేలితేనే కోత విధించాలి. కేంద్రాల్లో వాడగలిగే పట్టీ పరీక్షలు నిమిషాల్లో ఫలితమిస్తాయి. ఒక్కో పట్టీ కొన్ని రకాల మందులనే పసిగడుతుంది కనుక, ఇక్కడ ఎక్కువగా అమ్ముడవుతున్న మందులకు సరిపోయే వాటినే ఎంచుకోవాలి.

వ్యాధిని ముందే ఆపేందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పితికే ముందు తొలి ధారలను నల్లటి గుడ్డ మీద పట్టి తునకలున్నాయేమో చూడాలి. పితికాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంటపాటు ఆవు పడుకోకుండా మేత వేయాలి. అప్పటికి చన్ను రంధ్రం మూసుకుంటుంది. ఒకే ఆవుకు మాటిమాటికీ వాపు వస్తుంటే మందు మార్చే ముందు పాల నమూనాను పరీక్షకు పంపి, ఏ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందో తెలుసుకోవాలి. ఆ పరీక్షకు నమూనా తీసుకోవాల్సింది తొలి సూది పడకముందే. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతమిది. పల్లెలో తీసిన నమూనా ఐస్‌డబ్బాలో అదే రోజు ప్రయోగశాలకు చేరేలా పాల వ్యాన్ల దారినే వాడుకునే ఏర్పాటును పశుసంవర్ధక శాఖ, డెయిరీలు కలిసి ఈ వేసవిలోనే మొదలుపెట్టాలి.