కరం లేని కరపత్రం

చెన్నైలోని మా తెలుగు సంఘం ఓటర్ల కోసం ఒక కరపత్రాన్ని తెలుగులోకి తెచ్చే పనిని అయిదుగురు పెద్దల ఉపసంఘానికి అప్పగించింది. వారి నిష్పాక్షికతకు త్రాసు ముల్లు కూడా తలవంచాల్సిందే.

మొదటి అభ్యంతరం ‘కరపత్రం’ అన్న మాట మీదే వచ్చింది. కరం అంటే చెయ్యి, అది కాంగ్రెస్ గుర్తు. పత్రం అంటే ఆకు, అన్నాడీఎంకేకు అవి రెండున్నాయి. ఒక్క మాటలో రెండు పార్టీల ప్రచారం! ‘ఉదయం 7 గంటలకు పోలింగు’ అన్నచోట డీఎంకే సూర్యుడు పొడుచుకొచ్చాడు, కొట్టేశారు. ‘ఎడమ చేతి చూపుడు వేలికి సిరా’లో ‘ఎడమ చేతి’ని తొలగించారు. ఏ చేతి వేలో ఓటరే తేల్చుకోవాలి.

ఇంత వడపోతలోనూ ‘మార్పు కోసం ఓటేయండి’ అన్న మొదటి వాక్యం చెక్కుచెదరలేదు. అందులో ఏ గుర్తూ లేదు కదా! మార్పు కావాలంటే ప్రతిపక్షానికి, అభివృద్ధి కొనసాగాలంటే పాలకపక్షానికి మొగ్గినట్టేనని ఒక కుర్రవాడు మెల్లగా అన్నాడు. కుర్రవాళ్ల మాటలు మినిట్స్ పుస్తకానికి ఎక్కవు.

ఇక చీటీలు. ఓటరుకు మూడు ఎదురవుతాయి. ఇంటికి వచ్చే సమాచార చీటీలో బూత్, వరుస సంఖ్య ఉంటాయి. అదొక్కటే గుర్తింపుగా చెల్లదు, ఓటరు కార్డో, అనుమతించిన మరో పత్రమో తీసుకెళ్లాలి. బూత్‌లో సిరా పెట్టి, సంతకం చేయించుకుని ఒక చీటీ ఇస్తారు. దాన్ని తర్వాతి అధికారికి ఇస్తేనే ఆయన యంత్రాన్ని ఓటుకు సిద్ధం చేస్తారు. అభ్యర్థి పేరు పక్కన ఉన్న నీలి మీట నొక్కాక, వీవీప్యాట్ అద్దం వెనక మూడో చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది.

మాట మారితే పక్షపాతమని ఉపసంఘం మూడింటికీ ‘చీటీ’ అనే రాసింది: ‘చీటీ చూపండి. చీటీ ఇవ్వండి. చీటీ వచ్చాక చూడండి.’ కుర్రవాడు దీన్ని మా వీధి పెద్దావిడకు చదివి వినిపించి, ఏం చేస్తారో చెప్పమన్నాడు. ఆవిడ అంతా విని, “చివరి చీటీ చించుకుని ఇంటికి తెచ్చుకోవాలి, అంతే కదా నాయనా?” అంది. వాడు ఒక్కో చీటీకి ఒక్కో పేరు పెట్టి, వాక్యానికి ఒకే పని చెబుతూ తిరగరాశాడు. ‘అద్దం వెనక కాగితాన్ని చూడండి. అది మీ చేతికి రాదు’ అన్న వాక్యం కూడా చేర్చాడు. ఇంత తేలికగా అర్థమైతే వెనక ఎవరో ఉన్నారని అనుమానిస్తారంటూ పెద్దలు తిప్పికొట్టారు.

మిగిలింది నోటా. అది యంత్రంలో చిట్టచివరన ఉంటుంది. ఉందని చెబితే అభ్యర్థులందరికీ అన్యాయం, చెప్పకపోతే నోటాకు అన్యాయం. మూడు గంటల చర్చ తర్వాత, ఆ వాక్యాన్ని అచ్చువేయాలని, అయితే కళ్లద్దాలున్నవారికి కూడా కనిపించనంత చిన్న అక్షరాల్లో వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.